పదోన్నతి ప్రకటన

పదోన్నతి ప్రకటన అంటే ఒక ఉద్యోగి కొత్త హోదాలోకి వెళ్తున్నట్టు సంస్థ అంతటికీ పంపే లేఖ. ఇది ఎక్కువగా ఈమెయిల్‌గా వెళ్తుంది. ఉద్యోగి చేతికిచ్చే పదోన్నతి ఉత్తర్వు వేరు. జీతం, గ్రేడు, షరతులు ఉత్తర్వులో ఉంటాయి, ప్రకటనలో ఉండవు. ప్రకటన మిగతావాళ్ల కోసం: ఎవరు, ఏ తేదీ నుంచి, ఏ పని చూస్తారో, ఇకపై ఎవరిని అడగాలో వాళ్లకు తెలియాలి.

లేఖలో ఆప్యాయత వచ్చేది వివరం వల్లే. ‘అంకితభావం గల వ్యక్తి’ అన్న మాట ఎవరి పేరు పక్కనైనా సరిపోతుంది. అకౌంట్స్ విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్న ఒకామె టీమ్ లీడ్ అయ్యారనుకుందాం. నెలనెలా 11లోగా జీఎస్‌టీఆర్-1, 20లోగా జీఎస్‌టీఆర్-3బి దాఖలు చేయాలి. బ్రాంచీల బిల్లులు ఆలస్యంగా వచ్చి, గడువు ముందు రాత్రిళ్లు ఆఫీసులోనే గడిచేవి. ఆమె ఆ పద్ధతి మార్చారు. అప్పుడు ప్రకటన ఇలా ఉండొచ్చు:

“... గారు ఏప్రిల్ 1 నుంచి అకౌంట్స్ టీమ్ లీడ్‌గా బాధ్యతలు తీసుకుంటున్నారు. బ్రాంచీల్లోని మన సహోద్యోగులతో కలిసి, బిల్లులన్నీ 5వ తేదీకే చేరే ఏర్పాటు చేశారు. రిటర్నుల కోసం రాత్రిళ్లు కూర్చునే అవసరం తప్పింది. వెండర్ చెల్లింపుల గురించి ఏప్రిల్ 15 వరకు ఆమెనే అడగండి. ఆ తర్వాత ... గారు చూస్తారు. ఆమెకు మనందరి అభినందనలు.”

ఇందులో ‘సహోద్యోగులతో కలిసి’ అన్న మాట చాలా అవసరం. అదే పదవి ఆశించి దక్కనివాళ్లూ ఈ లేఖ చదువుతారు. ‘ఆమె ఒక్కరే చేయగలిగారు’ అని రాస్తే అది వాళ్లకు గుచ్చుకుంటుంది. అలాంటివాళ్లకు మేనేజరు ముందే ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఆ తర్వాత ఆమె టీముకు, చివరగా అందరికీ. ఇదంతా ఒకే రోజున ముగియాలి, లేకపోతే కబురు లేఖకన్నా ముందే క్యాంటీన్‌కు చేరుతుంది. అభినందనల బదులు ‘మరి పాత పని ఎవరిది?’ అన్న జవాబులు వస్తుంటే లేఖలో ఆ ముక్క తప్పిపోయిందని అర్థం.

కొత్తగా చేరేవారి గురించైతే తొందరపడకూడదు. భారతదేశంలో చాలా ఐటీ సంస్థల్లో నోటీసు కాలం మూడు నెలలదాకా ఉంటుంది. ఆలోగా మనసు మార్చుకునేవారూ ఉంటారు. అందుకే చేరిన రోజునే ప్రకటించడం మేలు. ఏ ప్రకటనలోనైనా వయసు, పెళ్లి, పిల్లల సంగతి రాయకూడదు. 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ సీఈఓ అయినప్పుడు హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల ఉద్యోగులకు రాసిన లేఖలో తన వయసు, కుటుంబం గురించి చెప్పారు. అయితే అవి ఆయన తనంతట తాను చెప్పుకున్న విషయాలు.

పంపేముందు చిత్తుప్రతిని ఆ వ్యక్తికి చూపించాలి. తెలుగువాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇంటిపేరు ముందు రాసే అలవాటు వల్ల కంప్యూటర్ రికార్డుల్లో పేరు తిరగబడి, మొదటిరోజే అందరూ ఆ మనిషిని ఇంటిపేరుతో పిలవడం మొదలుపెడతారు.