క్షౌరశాల బోర్డు మీద ‘ఫా’
తైపీ వెళ్లిన మా మేనకోడలు ఒక క్షౌరశాల బోర్డు ఫొటో పంపి, "మామయ్యా, ఈ రెండు అక్షరాలు ఏమిటి?" అని అడిగింది. బోర్డు మీద 理發 అని ఉంది. అక్షరమంటే సంస్కృతంలో నశించనిది. తెలుగులో మనకది పలికే ధ్వనికి గుర్తు. చైనా గుర్తుకు ఆ మాట సగమే సరిపోతుంది, అది అర్థాన్ని కూడా మోస్తుంది కనుక. 理 అంటే సరిచేయడం. రెండోది 發, ‘ఫా’. అందులో విల్లు (弓) ఉంది. బాణం వదలడం పాత అర్థం, పంపడం, వృద్ధి చెందడం తర్వాతివి. కొత్త సంవత్సరాన ధనం కలగాలని కోరే 發財లో ఉన్నదీ ఇదే. జుట్టుకు తైపీలో వాడే సంప్రదాయ లిపిలో వేరే గుర్తుంది: 髮. బోర్డు మీద ఉండాల్సింది అదే. దాని నెత్తిన ఎడమవైపు ‘పొడవు’, కుడివైపు వేలాడే కురుల్లా మూడు ఏటవాలు గీతలు. ఇదీ ‘ఫా’నే, కాకపోతే బీజింగ్ పలుకులో స్వరం పైనుంచి కిందికి దిగుతుంది. 1956లో చైనా ప్రభుత్వం లిపిని సరళం చేసినప్పుడు రెంటినీ కలిపి 发 అని ఒకే రూపం ఇచ్చింది. అందుకే బీజింగ్‌లో 理发 ఒప్పే. దాన్ని తిరిగి సంప్రదాయ లిపిలోకి మార్చేటప్పుడే చిక్కు: పక్క గుర్తును చూడకుండా విడివిడిగా మారిస్తే 发 కాస్తా 發 అయిపోతుంది. ఈ బోర్డుకూ అదే జరిగి ఉండవచ్చు. "ఫొటో పెద్దది చేసి రెండో గుర్తు పైభాగం చూడమ్మా, ఆ మూడు గీతలు లేవు" అన్నాను.