పుల్‌బ్యాక్ తర్వాత టార్గెట్ ఎక్కడ? నిఫ్టీ చెప్పే లెక్క

పుల్‌బ్యాక్ ముగిశాక తర్వాతి పరుగు ఎంతవరకు వెళ్లొచ్చో అంచనా వేసేందుకు ఫిబొనాచీ ఎక్స్‌టెన్షన్ వాడతారు. దీనికి మూడు పాయింట్లు కావాలి. నిఫ్టీ 2020 మార్చిలో 7,511 నుంచి మొదలై 2021 అక్టోబరులో 18,604కు చేరింది. అంటే 11,093 పాయింట్ల పరుగు. ఆపై 2022 జూన్‌లో 15,183కు దిగింది. ఈ కనిష్ఠానికి ఆ పరుగులో 61.8 శాతం కలిపితే 22,038, మొత్తం కలిపితే 26,276 వస్తాయి. 2024 సెప్టెంబరు 27న నిఫ్టీ 26,277ను తాకి వెనుదిరిగింది.

ఇంత దగ్గరగా కలవడం అరుదు. అసలు చిక్కు మూడో పాయింటుతోనే. 2022 మార్చిలో 15,671 దగ్గరే పుల్‌బ్యాక్ అయిపోయిందనుకుంటే టార్గెట్ 26,764 అయ్యేది. జూన్‌లో ఆ కనిష్ఠం విరగగానే ఆ లెక్క చెల్లలేదు. పాత గరిష్ఠం 18,604 దాటేదాకా పుల్‌బ్యాక్ ముగిసిందని ఖాయంగా చెప్పలేం.