స్టీరింగుకు ఇన్ని సెట్టింగులు ఎలా వచ్చాయి

1974లో అటారీ కంపెనీ ‘గ్రాన్ ట్రాక్ 10’ అనే ఆర్కేడ్ యంత్రాన్ని తెచ్చింది. నిలువెత్తు పెట్టె, నలుపు తెలుపు తెర, చుక్కలతో గీసిన ట్రాక్. దానికి ఒక స్టీరింగు, యాక్సిలరేటరు, బ్రేకు, గేరు రాడ్డు ఉండేవి. ఇంట్లో ఆడుకునే రేసింగ్ వీల్‌కు మూలం వెతికితే అక్కడికే చేరతాం. ఆ స్టీరింగు మన చేతి కదలికను ఆటకు చేరవేసేదే తప్ప, ఆటలో జరుగుతున్నదాన్ని తిరిగి చేతికి తెలిపేది కాదు.

ఆ లోటు తీర్చిన ఆటల్లో ఒకటి 1989లో అటారీ గేమ్స్ విడుదల చేసిన ‘హార్డ్ డ్రైవిన్’. అందులో సీటు ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు, తాళంచెవి తిప్పి బండి స్టార్టు చేయాలి, క్లచ్ నొక్కి గేరు మార్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, స్టీరింగు వెనక ఒక మోటారు ఉండేది. కారు ఎలా కదలాలన్న లెక్కల కోసం టైర్లూ కారు నడతా బాగా తెలిసిన డగ్ మిల్లికెన్‌ను సంప్రదించారు. ఆయన తన తండ్రి విలియం మిల్లికెన్‌తో కలిసి రాసిన రేసు కార్ల గతిశాస్త్ర గ్రంథాన్ని ఆ రంగంలోని ఇంజనీర్లు ఇప్పటికీ తిరగేస్తారు.

వీడియోగేమ్‌కు టైర్ల నిపుణుడితో పనేమిటంటే, స్టీరింగులో మనకు తెలిసే బరువు నిజానికి ముందు టైర్ల నుంచే వస్తుంది. కారు మలుపు తిరిగేటప్పుడు రోడ్డును అంటుకున్న టైరు భాగం కాస్త మెలితిరుగుతుంది. రోడ్డు టైరును పక్కకు నెట్టే బలం సరిగ్గా మధ్యలో కాక కొంచెం వెనకగా పనిచేస్తుంది. అందుకే చక్రం తనంతట తాను తిన్నగా కావాలని చూస్తుంది, మన చేతులు దాన్ని ఆపి పట్టుకోవాలి. మలుపు బిగిసేకొద్దీ ఈ బరువు పెరుగుతుంది. పట్టు పూర్తిగా జారిపోవడానికి కాస్త ముందే అది పెరగడం మానేసి తగ్గడం మొదలవుతుంది. కారు జారబోతోందని అనుభవం ఉన్న డ్రైవరు చేతులకు ముందుగా తెలిసేది ఈ తగ్గుదల వల్లే. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ సెట్టింగులన్నీ ఈ చిన్న తగ్గుదలను చెడకుండా చేతికి చేర్చడానికే ఉన్నాయని నేను నమ్ముతాను. చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా ఉంటేనే అసలైన అనుభవం అనుకోవడం వల్ల చాలామంది దాన్నే పోగొట్టుకుంటున్నారు.

ఆర్కేడ్‌లో ఆడేవాడు ఏ సెట్టింగూ పట్టించుకోనక్కర్లేదు. ఆ మోటారు ఆ ఒక్క ఆట కోసమే, ఆ ఆట ఆ ఒక్క మోటారు కోసమే తయారయ్యాయి. ఒక కంపెనీ చేసిన వీల్‌ను ఇంకెవరో రాసిన ఆటకు తగిలించే రోజు వచ్చాకే చిక్కులు మొదలయ్యాయి. ఇవాళ తెర మీద కనిపించే ఒక్కో సెట్టింగు ఆ చిక్కుల్లో ఒక్కోదానికి జవాబు.

ముందు పెడల్స్ సంగతి. తొంభైల్లో పీసీలకు జాయ్‌స్టిక్ తగిలించడానికి పదిహేను పిన్నుల గేమ్ పోర్టు ఉండేది. అప్పటి ఆటల్లో చాలావాటికి తెలిసింది జాయ్‌స్టిక్ ఒక్కటే. అందుకని వీల్ జాయ్‌స్టిక్ వేషం వేసింది. స్టీరింగు కుడి ఎడమల పని తీసుకుంటే, రెండు పెడల్సూ కలిసి ముందు వెనకల పని తీసుకున్నాయి. యాక్సిలరేటరు నొక్కితే పుల్ల ముందుకు వాలినట్టు, బ్రేకు నొక్కితే వెనక్కి వాలినట్టు. రెండూ ఒకేసారి నొక్కితే ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి. లాజిటెక్ సాఫ్ట్‌వేర్‌లో Combined Pedals అన్న మీట అప్పటి అవసరం మిగిల్చినదే. ఇప్పటి ఆటలకు అది ఆఫ్‌లో ఉండాలి. అనుమానం ఉంటే విండోస్‌లో `joy.cpl` నడిపి చూడండి. ఒక్క యాక్సిలరేటరే నొక్కినప్పుడు గీత మధ్యలోంచి ఒక పక్కకు కదిలి, బ్రేకు నొక్కినప్పుడు అదే గీత రెండో పక్కకు కదిలితే పెడల్స్ ఇంకా కలిసే ఉన్నాయన్నమాట.

తర్వాతిది బలం. 1997లో మైక్రోసాఫ్ట్ డైరెక్ట్‌ఎక్స్ 5తో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌కు ఒక ఉమ్మడి భాష ఏర్పడింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ వీల్ వచ్చింది, ఆ వెంటే లాజిటెక్ వింగ్‌మ్యాన్ ఫార్ములా ఫోర్స్ వచ్చింది. ఈ ఉమ్మడి భాషలో బలానికి గరిష్ఠ అంకె 10000. అది న్యూటన్లలోనో కిలోల్లోనో చెప్పిన అంకె కాదు, ఆ మోటారు చేతనైనంత అని మాత్రమే అర్థం. చిన్న మోటారుకూ పెద్ద మోటారుకూ ఆట పంపేది అదే 10000. మోటారు ఎంత బలమైనదో ఆటకు తెలియదు కాబట్టి, ఎంత పంపాలో ఆడేవాడే చెప్పాల్సి వచ్చింది. Gain అన్న అంకె పుట్టింది ఇందుకే.

ఆ అంకె మరీ పెంచితే ఏమవుతుందో చూద్దాం. ఒక పొడవాటి మలుపులో స్టీరింగు బరువు 12 న్యూటన్ మీటర్ల దాకా వెళ్తుందని ఆట లెక్క కట్టింది అనుకుందాం. మీ Gain ఎలా ఉందంటే 8 దగ్గరే 10000 నిండిపోతోంది. ఇక 8 నుంచి 12 దాకా ఎంత బరువున్నా చేతికి ఒకేలా తెలుస్తుంది. జారడానికి ముందు బరువు 12 నుంచి 10కి పడిపోయినా చేతికి తేడా ఉండదు, ఎందుకంటే రెండూ 8కి పైనే. ఆటగాళ్లు దీన్ని క్లిప్పింగ్ అంటారు. స్టీరింగు బరువుగానే ఉంటుంది కానీ మొద్దుబారిపోతుంది. తిన్నని దారిలో చేతికి తగిలిన గతుకులు మలుపులో మాయమైతే, కారు జారాక మాత్రమే జారిందని తెలిస్తే, అది క్లిప్పింగే.

మూడోది తిరిగే పరిధి. మొదట్లో ఇంటి వీల్స్ ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 200 డిగ్రీలే తిరిగేవి. మామూలు కారు స్టీరింగు దాదాపు రెండున్నర చుట్లు, అంటే 900 డిగ్రీలు తిరుగుతుంది. ఆ తేడాను చెరిపింది ‘గ్రాన్ టురిస్మో 4’ను దృష్టిలో పెట్టుకుని లాజిటెక్ చేసిన డ్రైవింగ్ ఫోర్స్ ప్రో. అప్పటికే ఉన్న పాత ఆటలకు 900 డిగ్రీల సంగతి తెలియదు. ఇరవై డిగ్రీలు తిప్పితే కారు గట్టిగా తిరగాలని వాటి లెక్క. అందుకని ఆ వీల్ తగిలించగానే పాత చిన్న వీల్‌లా నటించేది. పీసీలో డ్రైవర్ సాఫ్ట్‌వేర్ అడిగాకే తన పూర్తి పరిధి తెరిచేది. ఒక ఆటకు 900, ఇంకో ఆటకు 200 కావాలంటే ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి కదా. లాజిటెక్ ప్రొఫైలర్ అనే ప్రోగ్రాం ఆ పని తీసుకుంది. ఏ ఆట ఫైలు నడుస్తోందో చూసి, ఆ ఆటకు రాసిపెట్టిన డిగ్రీలు, బలం, స్ప్రింగు వీల్‌కు పంపేది. ఆటకొక ప్రొఫైల్ అన్న ఏర్పాటు అలా స్థిరపడింది.

ఇప్పుడు 2015లో వచ్చిన, ఈనాటికీ ఎంతోమంది బల్లలకు బిగించి ఉన్న లాజిటెక్ జి29ను ‘అసెట్టో కోర్సా’కు సర్దుదాం. లాజిటెక్ సాఫ్ట్‌వేర్ జి హబ్‌లో Operating Range 900 పెట్టండి. Sensitivity ఉన్నచోటే 50 దగ్గర ఉండనివ్వండి. Centering Spring ఆపేయండి, లేకపోతే టైరు లాగుడికీ సాఫ్ట్‌వేర్ స్ప్రింగు లాగుడికీ తేడా తెలియదు. తర్వాత ఆట లోపల కూడా వీల్ 900 అని చెప్పండి. ఇక ప్రతి కారుకూ దాని సొంత పరిధిని ఆటే లెక్క కట్టుకుంటుంది.

ఈ రెండు అంకెలు కలవకపోతే ఏమవుతుందో లెక్కలోనే కనిపిస్తుంది. జి హబ్‌లో ఏదో పాత ప్రొఫైల్ వల్ల 360 ఉంది, ఆట మాత్రం 900 అనుకుంటోంది. మీరు నడిపేది 480 డిగ్రీల స్టీరింగు ఉన్న రేసు కారు, అంటే ఒక పక్కకు 240. మీ చెయ్యి 96 డిగ్రీలు తిరిగేసరికే ఆ 240 అయిపోతుంది. చెయ్యి 30 తిరిగితే తెర మీది స్టీరింగు 75 తిరుగుతుంది. కారు పిచ్చిగా అటూ ఇటూ కొట్టుకుంటుంది, ఆడేవాడు కారు సెటప్‌ను తిట్టుకుంటూ సస్పెన్షన్ మారుస్తూ కూర్చుంటాడు. పరీక్ష చాలా తేలిక. డ్రైవరు కంటి నుంచి కనిపించే దృశ్యం పెట్టి, బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగును సరిగ్గా పావు చుట్టు తిప్పండి. తెరలోని స్టీరింగు కూడా పావు చుట్టే తిరగాలి.

బలం సంగతికి వస్తే, అసెట్టో కోర్సాలో పెడల్స్ చూపించే చిన్న యాప్ ఉంది. అందులో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌కూ ఒక గీత ఉంటుంది. బలం నిండిపోతే అది ఎర్రబడుతుంది. ట్రాక్‌లో అన్నిటికన్నా వేగంగా, పొడుగ్గా ఉన్న మలుపు ఎంచుకుని రెండు మూడు ల్యాపులు నడపండి. మలుపంతా ఎరుపే ఉంటే Gain తగ్గించండి. గతుకుల మీదా కెర్బుల మీదా ఒక్క క్షణం ఎర్రబడి పోతే పరవాలేదు. కారుకొక బలం విడిగా పెట్టుకునే వీలు కూడా ఉంది. ఒక కారుకు సరిపోయింది ఇంకో కారుకు ఎక్కువవుతుంది కాబట్టి అసలు Gainను ముట్టుకోకుండా దాన్ని వాడటం మంచిది.

జి29 లోపల మోటారు బలం పళ్లచక్రాల ద్వారా చేతికి వస్తుంది. చాలా చిన్న బలాలు ఆ చక్రాల రాపిడిలోనే ఇంకిపోతాయి. అందుకే తిన్నని దారిలో మధ్య భాగం వదులుగా, ప్రాణం లేనట్టు ఉంటుంది. Minimum Force ఉన్నది దీనికోసం. కొద్దికొద్దిగా పెంచుతూ వెళ్లండి. చేతులు వదిలేసినప్పుడు స్టీరింగు తనంతట తాను కుడి ఎడమలకు కొట్టుకోవడం మొదలైతే ఎక్కువైనట్టు, కాస్త వెనక్కి తగ్గించండి.

ఇక ప్రొఫైల్స్. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 లాంటి లారీ ఆటకు 900 బాగుంటుంది. ఫార్ములా 1 ఆటలకు 360 పెట్టుకోవచ్చు, ఆ కార్ల స్టీరింగు చివర నుంచి చివరకు ఒక చుట్టుకు అటూ ఇటూగానే తిరుగుతుంది. కాబట్టి జి హబ్‌లో రెండు వేరు ప్రొఫైల్స్ కావాలి. మెళిక ఏమిటంటే, అసెట్టో కోర్సా మొదటి మెనూ నడిచేది `AssettoCorsa.exe`లో, రేసు నడిచేది `acs.exe`లో. ప్రొఫైల్ మొదటిదానికే ముడిపడి ఉంటే రేసు మొదలయ్యేసరికి వీల్ డెస్క్‌టాప్ ప్రొఫైల్‌కు మారిపోవచ్చు. నిన్న బాగున్న కారు ఇవాళ చేతికి దొరకకపోతే ముందు చూడాల్సింది ఇదే. ప్రొఫైల్‌ను `acs.exe`కు కట్టండి. డెస్క్‌టాప్ ప్రొఫైల్‌లో కూడా 900 పెట్టి ఉంచండి. అప్పుడు ఏ ప్రొఫైలూ పలకకపోయినా అసెట్టో కోర్సా చెడదు, విడిగా సర్దాల్సింది 360 కావలసిన ఆట ఒక్కటే మిగులుతుంది.