గల్ఫ్ నర్సింగ్ లైసెన్సుకు డిగ్రీ వెరిఫికేషన్: ఏ పేరు రాయాలి, జవాబు ఎవరివ్వాలి

నౌపడకు చెందిన ఒక అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ నర్సింగ్ చదివి 2021లో పాసయింది అనుకుందాం. ఆమె చిన్నాన్న కూతురు అదే కాలేజీలో 2023లో పూర్తిచేసింది. ఇద్దరూ సౌదీకి అప్లై చేస్తున్నారు. కాలేజీ ఒకటే, చదువూ ఒకటే. కానీ ఆపా డిగ్రీ మీద డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అని, చెల్లెలి డిగ్రీ మీద డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అని ఉంది. ఇద్దరిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. విజయవాడలోని ఆ యూనివర్సిటీ ఒక్కటే. 1986లో మొదలైంది, తర్వాత ఎన్టీఆర్ పేరు వచ్చింది, 2022లో వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే తెచ్చారు.

పేరు సంగతి ఎందుకు అంత ముఖ్యమంటే, సౌదీ, దుబాయ్ లాంటి చోట్ల లైసెన్సు ఇచ్చే ముందు ప్రైమరీ సోర్స్ వెరిఫికేషన్ చేస్తారు. ఆ పని ఎక్కువగా డేటాఫ్లో అనే సంస్థ చేస్తుంది. మీరు అప్‌లోడ్ చేసిన డిగ్రీని చూసి అది నమ్మదు. డిగ్రీ ఇచ్చిన సంస్థకే నేరుగా రాసి, ఈ పేరుతో, ఈ నంబరుతో, ఈ సంవత్సరంలో మీరు డిగ్రీ ఇచ్చారా అని అడుగుతుంది. జవాబు ఆ సంస్థ నుంచే రావాలి.

మనవాళ్లు దీన్ని అటెస్టేషన్‌తో కలిపేసుకుంటారు. అటెస్టేషన్‌లో ఒక ఆఫీసు ముందున్న ఆఫీసు సంతకాన్ని, ముద్రను ధ్రువీకరిస్తుంది. యూనివర్సిటీ రికార్డు తీసి చూడడం వేరే పని. అటెస్టేషన్‌కి వేలు ఖర్చుపెట్టి, అన్నీ అయిపోయాయనుకుని ఆరు నెలలు ఊరుకున్న కుటుంబాలున్నాయి. రెండూ కావాలి, ఒకటి ఇంకోదానికి బదులు కాదు. అలాగే మీరే విజయవాడ వెళ్లి జెన్యూన్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చుకున్నా, అది మీ చేతి మీదుగా వచ్చింది కాబట్టి జవాబు కింద చెల్లదు.

ఫారంలో ఎక్కువమంది తప్పు చేసేది ఇష్యూయింగ్ అథారిటీ అన్న గడిలో. చదివింది కాలేజీలో కదా అని కాలేజీ పేరు రాస్తారు. బీఎస్సీ డిగ్రీ ఇచ్చింది యూనివర్సిటీ, కాలేజీ కాదు. ఉత్తరం కాలేజీకి పోతే అక్కడే ఆగిపోతుంది. పేరు ఓడీ మీద ఎలా ముద్రించి ఉంటే అలాగే రాయండి. లిస్టులో ఇప్పటి పేరు మాత్రమే కనిపిస్తే అదే ఎంచుకుని, పేరు మారిన సంగతి ఒక చిన్న నోట్‌గా జతచేయండి. జీఎన్ఎం చేసినవాళ్లది వేరే దారి: అది యూనివర్సిటీ డిగ్రీ కాదు, డిప్లొమా మీద సంతకం ఎవరిదో చూసి ఆ బోర్డు పేరే ఇవ్వాలి. ఇంట్లో 1986కి ముందు విశాఖలో ఎంబీబీఎస్ చేసిన పెద్ద డాక్టరు ఉంటే ఆయన డిగ్రీ ఆంధ్రా యూనివర్సిటీది, అడగాల్సింది అక్కడే.

మన ఇళ్లలో ఇంకో చిక్కు సొంత పేరుతోనే వస్తుంది. యూనివర్సిటీ రికార్డు సాధారణంగా టెన్త్ మెమోను బట్టే నడుస్తుంది. టెన్త్‌లో SK అని ఉండి, పాస్‌పోర్టులో SHAIK అని పూర్తిగా ఉంటుంది. నికాహ్ తర్వాత భర్త పేరు చేరితే పాస్‌పోర్టు మరింత వేరుగా కనిపిస్తుంది. యూనివర్సిటీ నిజమే చెప్పినా, పేర్లు కలవక రిపోర్టులో Discrepancy అని రావచ్చు. అందుకే అప్లై చేసేటప్పుడే టెన్త్ మెమో, ఇద్దరూ ఒకరేనన్న అఫిడవిట్, పెళ్లి తర్వాత మార్పైతే మ్యారేజ్ సర్టిఫికెట్ పెట్టండి. ఉర్దూ నికాహ్‌నామా అయితే ఇంగ్లీష్ అనువాదం కూడా కావాలి.

మన నౌపడ అమ్మాయి ఫైలు ఒక చోటికి కాదు, మూడు చోట్లకి వెళ్తుంది. డిగ్రీ యూనివర్సిటీకి, రిజిస్ట్రేషన్ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌కి, అనుభవం ఆస్పత్రికి. రెండు వచ్చేసి ఒకటి ఆగినా రిపోర్టు రాదు. కాబట్టి స్టేటస్ కదలకపోతే ఊరికే ఏజెంటుకి ఫోన్ చేయకుండా ఏది ఆగిందో అడగండి. డిగ్రీయే అయితే కేసు నంబరు, హాల్‌టికెట్ నంబరు, ఓడీ జిరాక్సు పట్టుకుని యూనివర్సిటీలో సర్టిఫికెట్ వెరిఫికేషన్ చూసే సెక్షన్‌ని కలవండి. అడగాల్సినవి రెండే: ఉత్తరం మీకు వచ్చిందా, ఫీజు ఏమైనా బాకీ ఉందా. చాలాసార్లు ఫీజు దగ్గరే ఆగి ఉంటుంది. రైలు టికెట్ తీసేముందు ఫోన్ చేసి ఆ సెక్షన్ పనివేళలు కనుక్కోండి, నౌపడ నుంచి విజయవాడ అంటే ఒక రాత్రి ప్రయాణం.

రిపోర్టు Positive అయితే ముందుకు వెళ్లొచ్చు. Unable to Verify అంటే డిగ్రీ దొంగదని కాదు, జవాబు రాలేదని. Negative మాత్రం వేరు. రికార్డులో లేదని యూనివర్సిటీ చెబితే ఆ మాట లైసెన్సు ఇచ్చే సంస్థకు చేరిపోతుంది. మెమోలో మార్కులు సరిచేస్తాం, అనుభవం రెండేళ్లు పెంచి రాస్తాం అని చెప్పే ఏజెంటు ఇక్కడే మన పిల్లని ముంచుతాడు. అతను పంపే కాగితం చివరికి వెళ్లి తట్టేది, దాన్ని ఎన్నడూ ఇవ్వని ఆఫీసు తలుపునే. నిజంగా పొరపాటున Negative వస్తే రీ-వెరిఫికేషన్‌కి అడగవచ్చు, కానీ దానికి ముందు యూనివర్సిటీలో రికార్డు సరిచేయించుకోవాలి.