గోదాము నిర్వహణ వ్యవస్థ ప్రారంభం

మధ్యతరహా పంపిణీదారు గోదాములో సరుకు లెక్కను పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి కొత్త వ్యవస్థకు మార్చే ప్రక్రియ ఇది. శంషాబాద్ విమానాశ్రయం వైపు దారిలో ఉన్న అత్తాపూర్ వంటి చోట నిత్యావసరాల గోదామును ఊహించుకుంటే, అసలు చిక్కు పెట్టె లెక్కలోనే కనిపిస్తుంది.

ఉదాహరణకు, కంపెనీ పెట్టెలోని సబ్బులను 48 నుంచి 40కి తగ్గించింది. పాత రికార్డులో 48 అలాగే ఉంది. అప్పుడు 10 కొత్త పెట్టెలకు రికార్డు 80 సబ్బులు ఎక్కువ చూపుతుంది. అందుకే డేటా శుద్ధిలో పెట్టె పరిమాణాన్ని, ఎంఆర్‌పీని, బ్యాచ్‌ను అరల దగ్గరే సరిచూడాలి. ఆఫీసులో కూర్చుని చేసే శుద్ధి సగం పనే.

శిక్షణ కూడా అరల మధ్యే, స్కానర్ చేతికిచ్చి జరగాలి. హమాలీలు సరుకును కోడ్‌తో కాదు, చోటుతో గుర్తుపడతారు.

పాత, కొత్త వ్యవస్థలు రెండూ కలిసి నడిచే సమాంతర నడకలో సరుకు ఒక్కసారే కదులుతుంది, నమోదు మాత్రం రెండుసార్లు. ఈ భారం ఎక్కువకాలం మోయలేరు కనుక ఒక విభాగంతో, కొద్ది రోజులకే పరిమితం చేస్తారు. రోజూ రాత్రి రెండు లెక్కలనూ అరలోని సరుకుతో పోలుస్తారు. సబ్బుల లెక్కలో తేడా 8కి గుణిజమైతే ముందు పెట్టె పరిమాణాన్ని అనుమానించాలి. ఒకటీ రెండూ అయితే సరుకు తీయడంలో పొరపాటు కావచ్చు. అమ్మకాల ఒత్తిడి ఉండే నెలాఖరున మార్పు పెట్టుకోరు.