రెండు నిమిషాల ఆరంభ సూత్రం

వాయిదా పడుతున్న పనిలో రెండు నిమిషాలకు మించని మొదటి ముక్కను మాత్రమే చేస్తానని ఒప్పుకుని అందులోకి దిగే పద్ధతిని రెండు నిమిషాల ఆరంభ సూత్రం అంటారు. చదువు విషయంలో ఈ సూత్రం ఒంటరిగా అంతగా పనిచేయదు. ప్రతి చదువు విడతకు ముందు రోజూ ఒకే వరుసలో చేసే చిన్న తంతు దీనికి తోడుండాలి. ఆ తంతు మనిషిని బల్ల దగ్గరికి చేరుస్తుంది, సూత్రం అతని చేత మొదటి గీత గీయిస్తుంది.

రెండు సూత్రాలు, ఒకే పేరు

ఈ పేరుతో ప్రచారంలో ఉన్నవి నిజానికి రెండు వేర్వేరు సలహాలు. అమెరికన్ రచయిత డేవిడ్ అలెన్ 2001లో వెలువడిన ‘గెటింగ్ థింగ్స్ డన్’లో చెప్పినది పని ముగించడానికి సంబంధించింది: రెండు నిమిషాల్లో అయిపోయే పని కనబడితే దాన్ని జాబితాలో రాసుకోకుండా అప్పుడే చేసెయ్యాలి. జేమ్స్ క్లియర్ 2018 నాటి ‘అటామిక్ హ్యాబిట్స్’లో చెప్పినది పని మొదలుపెట్టడానికి సంబంధించింది: కొత్త అలవాటు ఏదైనా దాని ఆరంభం రెండు నిమిషాల్లో పట్టేంత చిన్నదిగా ఉండాలి.

విద్యార్థికి కావలసింది రెండోది. మొదటిది ఆఫీసు బల్ల మీద కాగితాలు పేరుకోకుండా బాగానే పనికొస్తుంది గాని, చదువుకునే గంటలో దాన్ని పాటిస్తే కొంప మునుగుతుంది. ఫోన్ రీచార్జి, వాట్సాప్‌లో ఒక జవాబు, పెన్నులో రీఫిల్ మార్చడం, అన్నీ రెండు నిమిషాల పనులే. వాటిని ఒకదాని వెంట ఒకటి చక్కబెట్టేసరికి సాయంత్రం గడిచిపోతుంది, పైగా బోలెడు పని చేశామన్న తృప్తి కూడా మిగులుతుంది.

ఎందుకు పనిచేస్తుంది

వాయిదాను బద్ధకమని తిట్టడం పాత అలవాటు. దీన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన టిమోతీ పిచిల్, ఫుషియా సిరోయిస్ 2013లో ఇంకోలా వివరించారు. పనిని తలచుకోగానే పుట్టే విసుగు, బెదురు, చేతకాదేమోనన్న దిగులు నుంచి ఆ క్షణానికి తప్పించుకోవడమే వాయిదా అన్నది వారి మాట. పుస్తకం మూసేయగానే మనసు తేలికపడుతుంది. ఆ తేలికదనమే బహుమతిలా పనిచేసి, మర్నాడు కూడా పుస్తకం మూయిస్తుంది.

కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో పిచిల్ బృందం విద్యార్థులకు పేజర్లు ఇచ్చి, రోజులో పలుమార్లు పిలిచి అప్పుడేం చేస్తున్నారో, ఎలా ఉందో అడిగింది. తప్పించుకు తిరుగుతున్నప్పుడు కొండంత కష్టంగా తోచిన పని, అందులో దిగాక అంత కష్టంగా అనిపించలేదని తేలింది. భయం ఎక్కువగా ఉండేది గడప ఇవతలే. అందుకే గడప ఎత్తు తగ్గించాలి. రెండు గంటలు ఫిజిక్స్ చదవాలనుకుంటే మనసు మొరాయిస్తుంది. ఒక లెక్కలో ఇచ్చిన విలువలు నోట్సులో ఎక్కించాలంటే మొరాయించడానికి దానికి కారణం దొరకదు.

దీనికి ఇంకో పాత ఆధారం ఉంది. 1928లో మరియా ఒవ్‌సియాంకినా చేసిన ప్రయోగాల్లో, పని మధ్యలో ఆపించినవారు వీలు చిక్కగానే, ఎవరూ చెప్పకుండానే, మళ్లీ దానికే చేతులు చాచారు. మొదలైన పని తన వైపు లాగుతుంది. మొదలుకాని పనికి ఆ శక్తి ఉండదు.

తంతు

ఎప్పుడు, ఎక్కడ, ఏ గుర్తు కనబడగానే ఏం చేయాలో ముందే ముడివేసుకున్న నిర్ణయం వట్టి సంకల్పం కంటే గట్టిగా నిలుస్తుందని జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ చూపించాడు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 అధ్యయనాలను కూడబెట్టి చూసినప్పుడూ అదే నిలిచింది. తంతు చేసే పని ఇదే. ‘ఇప్పుడు చదవాలా, కాసేపాగాలా’ అన్న బేరానికి చోటివ్వదు.

హాస్టల్లో ఉండి ఇంటర్ చదివినవారికి ఇది కొత్త కాదు. స్టడీ అవర్ గంట మోగుతుంది, అందరూ అదే హాల్లో అదే చోట కూర్చుంటారు, వార్డెన్ తిరుగుతుంటాడు. దసరా సెలవులకు ఇంటికి రాగానే అదే పిల్లవాడు పుస్తకం ముట్టడు. అతని పట్టుదల బస్సులో ఎక్కడా పడిపోలేదు. గంట, హాలు, చోటు లేకుండా పోయాయి, అంతే. ఇంట్లో వాటిని తానే కట్టుకోవాలి.

ఇంటర్ రెండో ఏడాది చదివే, ఇంటి నుంచి కాలేజీకి వెళ్లొచ్చే ఒక అమ్మాయి సాయంత్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఆరున్నరకు టీ గ్లాసు సింకులో పెట్టడం ఆమెకు గుర్తు. వెంటనే ఫోన్ సైలెంటులో పెట్టి అమ్మ గదిలో వదిలేస్తుంది. సీసాలో నీళ్లు నింపుకుంటుంది. బల్ల మీద ఫిజిక్స్ పుస్తకం, నోట్సు తప్ప మిగతావి మంచం మీదికి మారుస్తుంది. నోట్సులో తేదీ వేస్తుంది. మొత్తం మూడు నాలుగు నిమిషాలు.

పుస్తకంలో నిన్న పెట్టిన చీటీ ఉంది: ‘ప్రవాహ విద్యుత్తు, ఏడో లెక్క’. ఇక రెండు నిమిషాల ముక్క. లెక్కలో ఒక బ్యాటరీ ఈఎంఎఫ్ 12 వోల్టులు, అంతర్నిరోధం 2 ఓములు, వలయంలో ప్రవాహం 0.5 ఆంపియర్ అని ఇచ్చి, బయటి నిరోధం అడిగారు. ఆమె ఒప్పుకున్నది వలయం బొమ్మ గీసి, ఈ మూడు విలువలు పక్కన రాయడం వరకే. సాధించనక్కర్లేదు. కానీ బొమ్మ ముందున్నాక సూత్రం దానంతటదే చేతికొస్తుంది: R = E/I − r, అంటే 24 నుంచి 2 పోగా 22 ఓములు. అప్పటికి ఎనిమిదో లెక్క మీద కన్ను పడుతుంది.

ఇందులో రెండు మెళకువలున్నాయి. మొదటి ముక్క చేత్తో చేసేది కావాలి. ‘రెండు నిమిషాలు చదువుతాను’ అనుకుంటే కళ్లు పేజీ మీదా మనసు వీధిలోనూ ఉండొచ్చు. రెండోది చీటీ. ఎక్కడ మొదలుపెట్టాలన్న నిర్ణయం ముందురోజు విడత ముగింపులోనే అయిపోవాలి. ఆ చీటీ లేని రోజు ఏ పాఠం తీయాలని తడుముకోవడంలోనే పావుగంట పోతుంది.

ఎక్కడ చెడుతుంది

తంతే వాయిదాగా మారడం అన్నిటికన్నా మామూలు జబ్బు. బల్ల సర్దడం అలమారా సర్దడమవుతుంది, తేదీ వేయడం రంగు పెన్నులతో టైంటేబుల్ గీయడమవుతుంది. కూర్చున్న వేళను, మొదటి గీత పడిన వేళను మార్జిన్లో రాసుకుంటే గుట్టు బయటపడుతుంది. ఆ రెంటికీ మధ్య ఐదు నిమిషాలు దాటుతుంటే తంతులో ఒక మెట్టు తీసేయాలి.

ఇంకో తప్పు తనను తాను మోసగించుకోవడం. రెండు నిమిషాల తర్వాత లేచిపోయే హక్కు నిజంగా ఉండాలి. పైకి రెండు నిమిషాలని చెప్పి లోపల రెండు గంటలు లెక్కవేసుకుంటే, నాలుగో రోజుకు మనసు ఆ ఎత్తు పసిగట్టి బల్ల దగ్గరికే రానివ్వదు.

మొదలుపెట్టలేకపోవడం ఒక సమస్య, పాఠం అర్థం కాకపోవడం వేరే సమస్య. రోజూ బొమ్మ గీసి అక్కడే ఆగిపోతుంటే అడగవలసింది లెక్చరర్ని. నిద్ర చాలనివారికి ఈ పద్ధతి కుర్చీలో కునుకే తెచ్చిపెడుతుంది. చదువే కాదు, స్నానం, భోజనం వంటివి కూడా వారాల తరబడి వాయిదా పడుతుంటే అది కుంగుబాటు కావచ్చు కాబట్టి వైద్యుణ్ణి కలవాలి.

తంతు అలవాటుగా మారడానికి పట్టే కాలం ఇంతని లేదు. 2010లో ఫిలిపా లాలీ బృందం లండన్‌లో చేసిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పిపోవడం వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు.