సిర్గాపూర్ బావి ఎందుకు జరిగింది?

సిర్గాపూర్‌లో ఒక బావి ఉందనుకోండి. పాత టోపోషీట్‌లో దాని అక్షాంశ రేఖాంశాలు చూసి ఫోన్‌లో కొడితే, చుక్క వంద మీటర్లకు పైగా పక్కకి, వేరేవాళ్ల చేన్లో పడుతుంది. సర్వే తప్పా? కాదు.

1815లో లాంబ్టన్ ఈ ప్రాంతంలోనే, బీదర్ దగ్గరి దామరగిద్దలో బేస్‌లైన్ కొలిపించాడు. ఆ సర్వే కొలతలతో ఎవరెస్ట్ 1830లో భూమి ఆకారాన్ని లెక్కగట్టాడు. పాత మ్యాపుల పునాది, అంటే డేటమ్, అదే. ఫోన్ జీపీఎస్ వాడేది WGS84. అందులో భూమి వ్యాసార్థం 800 మీటర్లకు పైగా ఎక్కువ, కేంద్రం కూడా వేరే. అందుకే ఒకే బావికి రెండు రకాల అంకెలు.

ఎలా గుర్తుపట్టాలి? గుడి, బావి, చెరువుకట్ట అన్నీ ఒకే దిక్కుకి, ఒకే దూరం జరిగితే అది డేటమ్ తేడా. ఒక్కటే జరిగితే కొలత తప్పు. డేటమ్ మార్చకుండా ఆ అంకెలతో హద్దురాయి పాతితే, గొడవ పాతినట్టే.